నాలుగు చీరల ఫోటోలకు ప్రాంప్ట్: మడతల్లో డిజైన్ దారి తప్పకుండా

జతచేసిన నాలుగు ఫోటోలు నెల్లూరు చిన్నబజారులోని మా కొట్టు చీరలవి. బల్ల మీద సాఫుగా పరిచి పైనుంచి తీసినవి. ముప్పై ఏళ్ల తెలుగు స్త్రీ ఒక్కో చీర కట్టుకుని నిలబడినట్టు నాలుగు ఫోటోలు కావాలి. తెల్లగోడ, పక్క కిటికీ వెలుతురు, తల నుంచి పాదాల దాకా. ఎడమ భుజం కాస్త మనవైపు తిరిగి, వెనక వేలాడే పైట చెంగు కూడా కనపడాలి. ఈ బొమ్మ చూసే కొనేవాళ్లు డబ్బు పంపుతారు, కాబట్టి రంగు, అంచు, డిజైన్ కొలత ఫోటోలో ఉన్నవే ఉండాలి. లేని పువ్వు ఒక్కటి కూడా చేర్చొద్దు.

చీర మొత్తం ఒకే గుడ్డ. పడుగు దారాలు నడుము చుట్టూ అడ్డంగా తిరుగుతాయి, పేక దారాలు కుచ్చిళ్లలో నిలువుగా దిగుతాయి. రొమ్ము మీద పైటతో పాటు పడుగు ఏటవాలుగా భుజానికి ఎక్కి, వెనక చెంగులో నిలువవుతుంది. డిజైన్ కూడా ఆ దారాలతోనే తిరగాలి. మడత లోపలికి పోయిన భాగం మాయమైనట్టు కాదు, దాగినట్టు.

మొదటిది, పాటూరు నేత గళ్ల చీర. అంగుళం గడి, ఎరుపు, తెలుపు మార్చి మార్చి. ఏడు కుచ్చిళ్లు, ఒక్కోటి అయిదు అంగుళాల వెడల్పు. ఒక మడత లోపలికి పోయి తిరిగి వచ్చేసరికి పది అంగుళాల గుడ్డ పడుతుంది, అంటే పది గళ్లు. పది సరిసంఖ్య కాబట్టి ఏడు కుచ్చిళ్ల అంచుల మీదా ఒకే వరసలో ఒకే రంగు గడి రావాలి. అడ్డగీతలు ఏడింటి మీదా ఒకే ఎత్తులో నడవాలి, ఎక్కడా మెట్టు పడకూడదు. గుడ్డ ఉబ్బిన చోట గీత వంగొచ్చు, తెగకూడదు.

రెండోది ఇక్కత్. నేయకముందే పేక నూలుకు ముడులు కట్టి రంగు ముంచినది. అందుకే బొమ్మల అంచులు కత్తిరించినట్టు ఉండవు, పేక వెంట ఈకల్లా చెదురుతాయి. ఆ చెదురు కుచ్చిళ్లలో నిలువుగా, వెనక చెంగులో అడ్డంగా కనపడాలి. దాన్ని మసక అనుకుని పదును పెట్టొద్దు. అది నేతగాడి చేతి పని.

మూడోది మామిడి పిందెల చీర. కుచ్చిళ్లలో పిందెల కొనలన్నీ పై అంచువైపే. మడత మీద పడిన పిందె సగమే కనపడాలి, ఇరుకులో ఇమడ్చడానికి నొక్కి చిన్నది చేయొద్దు. వెనక చెంగులో అవే కొనలు పక్కకు తిరుగుతాయి.

నాలుగోది పెడన అద్దకం. అచ్చుకూ అచ్చుకూ మధ్య సన్నని సందు, అక్కడక్కడ రంగు మందం ఫోటోలో ఉన్నట్టే ఉండనివ్వాలి. మడత దగ్గర మాత్రం వరస జారకూడదు.