ఊట ఎక్కడిది?

కూర్చోండి. ఒంటిపూట బడి కదా, పది దాటితే మీ చెవులన్నీ గంట మీదే ఉంటాయని నాకు తెలుసు. అందుకే పుస్తకాలు తీయమనను. ముందు ఈ బల్ల మీదున్న రెండు గిన్నెలు చూడండి.

పొద్దున ప్రార్థనకి ముందు రెండింటిలోనూ ఒకే మామిడికాయ ముక్కలు వేశాను. మాగాయకి కోసినట్టు, తొక్క తీసి పల్చగా. ఒక్కో గిన్నెలో 200 గ్రాములు. ఎడమ గిన్నెలో ఏమీ కలపలేదు. కుడి గిన్నెలో మాత్రం మన నౌపడ రాళ్ళ ఉప్పు రెండు పెద్ద చెంచాలు కలిపి మూత పెట్టాను. ఇప్పుడు మూత తీస్తున్నాను. వెనక బెంచీ, లేచి చూడండి, ఫరవాలేదు.

ఎడమ గిన్నెలో ముక్కలు పొద్దున ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. కుడి గిన్నెలో ముక్కలు నీళ్ళలో తేలుతున్నాయి. నేను చుక్క నీరు పోయలేదు. మరి ఇవి ఎక్కడివి?

"ఉప్పు పీల్చేసింది సార్."

ఈ జవాబు వస్తుందనే అనుకున్నాను. ఏటా వస్తుంది. ముసురు పట్టినప్పుడు ఇంట్లో ఉప్పు జాడీ చెమ్మగిల్లడం మీరందరూ చూశారు, అందుకే అలా అనిపిస్తుంది. కానీ అది వేరే సంగతి. రాళ్ళ ఉప్పులో కొద్దిగా మెగ్నీషియం క్లోరైడ్ కలిసి ఉంటుంది, దానికి గాలిలో తేమని పట్టే గుణం ఎక్కువ. ఇక్కడ జరిగింది అది కాదు. ఉప్పు నీళ్ళని పీల్చి దాచుకుని ఉంటే గిన్నెలో తడిసిన ఉప్పు రాళ్ళు కనబడాలి. ఏవీ? ఒక్కటీ లేదు. నీళ్ళు ఉప్పులోకి పోలేదు, ఉప్పే నీళ్ళలో కరిగిపోయింది. కాబట్టి పీల్చడం అనే మాట ఇవాళ్టికి పక్కన పెడదాం.

మామిడి ముక్క అంటే కొన్ని లక్షల కణాలు. ఒక్కో కణం చుట్టూ గట్టి కణకవచం, దాని లోపల పల్చటి ప్లాస్మాపొర, ఆ లోపల రసం. ఈ ప్లాస్మాపొరకి ఒక పట్టింపు ఉంది. నీటి అణువుల్ని రానిస్తుంది, పోనిస్తుంది. ఉప్పుని, చక్కెరని అంత సులువుగా దాటనివ్వదు.

మన తొమ్మిదో తరగతి 'ఏ', 'బి' సెక్షన్ల మధ్య ఇరుకు తలుపు ఉంది కదా. రెండు గదుల్లోనూ పిల్లలు ఊరికే అటూ ఇటూ తిరుగుతున్నారనుకోండి. 'ఏ'లో అందరూ ఖాళీ చేతులతో ఉన్నారు. 'బి'లో సగం మంది భుజాన కావడి వేసుకున్నారు. కావడితో ఆ తలుపు దాటలేరు. ఒక పావుగంట చూస్తే ఏమవుతుంది? రెండువైపుల నుంచీ దాటుతూనే ఉంటారు. కానీ 'ఏ' నుంచి దాటేవాళ్ళు ఎక్కువ, 'బి' నుంచి దాటేవాళ్ళు తక్కువ. చివరికి 'బి' కిక్కిరిసిపోతుంది. ఎవరూ ఎవర్నీ లాగలేదు. కావడి వాళ్ళు ఉప్పు, ఖాళీ చేతులవాళ్ళు నీళ్ళు, తలుపు ప్లాస్మాపొర.

నీళ్ళు ఇలా పొర గుండా గాఢత తక్కువ ఉన్న ద్రావణం నుంచి గాఢత ఎక్కువ ఉన్న ద్రావణంలోకి పోవడాన్నే ద్రవాభిసరణం అంటాం. 1748లో నోలే అనే ఫ్రెంచి ఆయన పంది మూత్రాశయంలో సారా పోసి, మూతి కట్టి నీళ్ళలో ముంచితే అది ఉబ్బింది. నవ్వండి, నవ్వండి. మన గిన్నెలో ఉన్నదీ అదే శాస్త్రం, కాకపోతే మనది కాస్త రుచిగా ఉంటుంది.

ఇప్పుడు గాఢత ఎంత తేడాగా ఉందో చూద్దాం. కోసిన ముక్క మీద ఎప్పుడూ పల్చటి తడి ఉంటుంది. ఉప్పు మొదట ఆ తడిలో కరుగుతుంది. 100 గ్రాముల నీళ్ళలో సుమారు 36 గ్రాముల ఉప్పు కరగగలదు. అంటే మొదటి నిమిషాల్లో ముక్క మీద ఉండేది సముద్రపు నీళ్ళకంటే ఎన్నో రెట్లు చిక్కని ఉప్పునీరు. సముద్రంలో లీటరుకి దాదాపు 35 గ్రాముల ఉప్పే. కణం లోపల పులుపు, కొద్దిగా తీపి కరిగిన పల్చటి రసం. తేడా అంత ఉంటే నీళ్ళు బయటికి రాక ఏం చేస్తాయి?

బెల్లం వేసినా ఊట దిగుతుంది, బెల్లం ఆవకాయ కలిపిన ఇళ్ళల్లో అడగండి. కానీ ఉప్పంత చురుగ్గా కాదు. ఇక్కడ లెక్కకొచ్చేది బరువు కాదు, కరిగిన రేణువుల సంఖ్య. చక్కెర అణువు బరువు 342, ఉప్పుది 58.5. పైగా ఉప్పు నీళ్ళలో సోడియం, క్లోరైడ్ అని రెండుగా విడిపోతుంది. లెక్క వేస్తే ఒకే బరువుకి ఉప్పు దాదాపు 12 రెట్లు ఎక్కువ రేణువులిస్తుంది. ఈ లెక్క మీరే వేసి చూడండి, నా మాట నమ్మకండి.

ఇదిగో, ఎడమ గిన్నెలో ముక్క వంచుతున్నాను. టక్కున విరిగింది. కుడి గిన్నెలోది తాడులా వంగింది. గాలి నిండిన సైకిల్ ట్యూబు, గాలి తీసేసిన ట్యూబు గుర్తు తెచ్చుకోండి. నీళ్ళు పోయిన కణంలో ప్లాస్మాపొర కవచాన్ని వదిలి లోపలికి ముడుచుకుంటుంది.

చెప్పమ్మా, రెండో బెంచీ.

"ఉప్పు పొర దాటదన్నారు కదా సార్. మరి మాగాయ ముక్క లోపల కూడా ఉప్పగానే ఉంటుంది?"

ఈ ప్రశ్న కోసమే ఇంతసేపూ చూస్తున్నాను. పొర తలుపు కాసేది కణం బతికున్నంతసేపే. అంత ఉప్పులో కణం ఎక్కువసేపు బతకదు. చచ్చిన కణం పొర చిరిగిన గోనెసంచి లాంటిది, ఉప్పు ఇష్టం వచ్చినట్టు లోపలికి పోతుంది. దాన్ని వ్యాపనం అంటాం. కాబట్టి జాడీలో మొదట ద్రవాభిసరణం, తర్వాత వ్యాపనం. మాగాయకి మూడు రోజులు ఎందుకు ఊరబెడతారో ఇప్పుడు అర్థమైందా? ఊట దిగడానికి పూట చాలు. లోపలిదాకా ఉప్పు పట్టడానికే రోజులు కావాలి.

పెళ్ళయిన కొత్తలో, సాయం చేద్దామని, నేను ఆ ఊట పాడైపోయిన నీళ్ళనుకుని పెరట్లో పారబోశాను. మా అత్తగారు ఏమీ అనలేదు. ఒకసారి నా వైపు, ఒకసారి పెరటి వైపు చూశారంతే. పులుపు, ఉప్పు సగం అందులోనే ఉన్నాయి మరి. ముక్కల్ని ఎండబెట్టి, ఊటనీ ఎండలో పెట్టి, మళ్ళీ కలిపేది అందుకే.

బూజుకీ ఇదే గతి. ఉప్పు సరిపడా ఉన్న జాడీలో బూజు పడితే దాని కణాల్లో నీళ్ళూ బయటికే వస్తాయి, అది పెరగలేదు. మిరప మొక్క మొదట్లో గుప్పెడు యూరియా పోస్తే ఆకు మాడేదీ ఇందుకే.

రేపటికి పని: రెండు దోసకాయ ముక్కలు, ఒకటి మంచినీళ్ళలో, ఒకటి ఉప్పునీళ్ళలో గంటసేపు ఉంచండి. ఏది వంగింది, ఏది బిగిసింది, ఎందుకు అన్నది నాలుగు వాక్యాల్లో రాసుకురండి. "ఉప్పు పీల్చింది" అని రాస్తే మళ్ళీ రాయిస్తాను.

ఏయ్, మూడో బెంచీ, చెయ్యి తియ్. ల్యాబ్ బల్ల మీద పెట్టినవి తినకూడదు. అందరికీ వేరే కాయ తెచ్చాను, గంట కొట్టాక ఇస్తాను.