వృత్తి సారాంశం: ఎం.ఎస్సీ. నర్సింగ్ (మెడికల్ సర్జికల్, క్రిటికల్ కేర్) ప్రవేశం కోసం

ఎంపిక కమిటీ వారికి నమస్కారం. ఈ సారాంశాన్ని తెలుగులోనూ రాయొచ్చన్నారు కాబట్టి తెలుగులోనే రాస్తున్నాను. నైట్ డ్యూటీలో మా పేషెంట్లతో, వాళ్ల వెంట వచ్చేవాళ్లతో నేను మాట్లాడేది ఇదే.

నాది పాకాల దగ్గర పల్లెటూరు. నాన్న చెనక్కాయ రైతు. 2018లో బి.ఎస్సీ. నర్సింగ్ పూర్తి చేసి రిజిస్ట్రేషన్ చేయించుకున్నాను. మొదటి రెండేళ్లు చిత్తూరులో 50 పడకల ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేశాను. 2020 అక్టోబరు నుంచి తిరుపతిలో ఒక బోధనాసుపత్రిలో ఉన్నాను. చేరింది కరోనా మధ్యలో, కాబట్టి కొత్తవాళ్లకు ఇచ్చే ఓరియెంటేషన్ నాకు పీపీఈ కిట్‌లోనే జరిగింది. ఏడాదిన్నర ఎమర్జెన్సీలో చేసి, అప్పటి నుంచి మెడికల్ ఐసీయూలో ఉన్నాను. వెంటిలేటర్ మీదున్న పేషెంట్ల సంరక్షణ, ఏబీజీ శాంపిళ్లు, ఇన్ఫ్యూజన్ పంపులు, సెంట్రల్ లైన్ కేర్ నాకు రోజువారీ పని. వీటి వివరాలు జతచేసిన సర్వీసు సర్టిఫికెట్‌లో ఉన్నాయి, ఇక్కడ మళ్లీ రాయను. నన్ను ఈ దరఖాస్తు దాకా తెచ్చింది వేరే పని. అది పాముకాటు.

మా జిల్లాల్లో వానలు పడి చేలల్లో పని మొదలైతే చాలు, ఎమర్జెన్సీకి పాముకాటు కేసులు మొదలవుతాయి. కలుపు తీస్తూ రక్తపింజర కరిచినవాళ్లు, నేల మీద పడుకుని నిద్రలో కట్లపాము కరిచినవాళ్లు. చాలామంది నేరుగా రారు. పసరు పోయించుకుని, కాలికి తువ్వాలు బిగించి కట్టుకుని, రెండు మూడు గంటలు పోయాక వస్తారు. ఆ తువ్వాలును గబుక్కున విప్పకూడదని, ముందు సెలైన్ లైను పెట్టి, విషం విరుగుడు మందు సిద్ధం చేసుకుని, డాక్టరు పక్కనుండగా విప్పాలని నేను నేర్చుకున్నది పుస్తకంలో కాదు, ఒక సీనియర్ సిస్టర్ నా చేయి పట్టుకుని ఆపినప్పుడు.

నా తప్పు ఒకటి చెప్పాలి. 2019 ఆగస్టులో, చిత్తూరులో పనిచేస్తున్నప్పుడు, చేలో కాలికి కాటు పడిందని 45 ఏళ్ల ఆవిడను తీసుకొచ్చారు. రక్తం గడ్డకట్టే పరీక్ష చేయమని డాక్టరు గారు చెప్పారు. ఈ పరీక్షకు పెద్ద సామగ్రి ఏమీ అక్కర్లేదు. 2 ఎం.ఎల్. రక్తం తీసి పొడి గాజు ట్యూబులో పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఆ తర్వాత ఒక్కసారి వంచి చూడాలి. నేను అలాగే చేశాను. రక్తం గడ్డకట్టలేదు, నీళ్లలా జారింది. విరుగుడు మందు మొదలుపెట్టారు. నాలుగో వయల్ ఎక్కుతుండగా ఒళ్లంతా దద్దుర్లు, వాంతి, పిల్లికూతలు. అడ్రినలిన్ ఇచ్చాక ఆవిడ తేరుకుంది. మందు మొదలుపెట్టకముందు తీసిన రక్తం రిపోర్టు ల్యాబు నుంచి వచ్చేసరికి గడ్డకట్టే శక్తి మామూలుగానే ఉంది.

"సిస్టర్, ఆ ట్యూబు ఎక్కడిది?" అని డాక్టరు గారు అడిగారు. సింకు దగ్గర స్టాండులో ఉన్న ట్యూబు. ఆయమ్మ సబ్బుపొడితో కడిగి బోర్లించిపెట్టింది. సబ్బు అంటిన గాజులో ఆరోగ్యంగా ఉన్నవాళ్ల రక్తం కూడా సరిగ్గా గడ్డకట్టకపోవచ్చని, ప్లాస్టిక్ ట్యూబు వాడినా ఇలాగే మోసపోతామని ఆ రోజే తెలుసుకున్నాను. ఆయమ్మను ఎవరూ తప్పుపట్టలేదు, పట్టకూడదు కూడా. ట్యూబు తీసిన చేయి నాది. మర్నాడు ఒక మందుల అట్టపెట్టె తెచ్చి, కొత్త గాజు ట్యూబులు అందులో పెట్టి, పైన "20 నిమిషాలు – కడగకూడదు, కదపకూడదు" అని మార్కరుతో రాశాను. ఇప్పటి వార్డులోనూ అలాంటి పెట్టె ఒకటి నడుస్తోంది.

కట్లపాము సంగతి వేరు. కాటు దగ్గర వాపుండదు, నొప్పీ పెద్దగా ఉండదు, రక్తం మామూలుగానే గడ్డకడుతుంది. 2021లో ఒక తెల్లవారుజామున కడుపునొప్పి అని 11 ఏళ్ల అబ్బాయిని తెచ్చారు. "రాత్రి బజ్జీలు తిన్నాడు మా, గ్యాస్ పట్టుకునిందేమో" అంది వాళ్లమ్మ. లైను పెడుతూ మొహం చూస్తే రెప్పలు సగం వాలి ఉన్నాయి. నిద్రమత్తు అనుకోవడం సులువే, అప్పుడు టైము 4 గంటలు. యాడ పడుకున్నాడని అడిగితే నేల మీద అన్నారు. ఒక్క ఊపిరిలో అంకెలు లెక్కపెట్టమన్నాను. 19 దాకా వచ్చాడు. డాక్టరు గారికి చెప్పి, పది నిమిషాలకోసారి లెక్కపెట్టించి రాసుకుంటూ పోయాను. 19, 14, 9. తొమ్మిది దగ్గర ట్యూబు వేశారు. నాలుగు రోజులు వెంటిలేటర్ మీద ఉన్నాడు. డిశ్చార్జి రోజు నన్ను చూసి అంకెలు మొదలుపెట్టాడు, 30 దాటినా ఆపడే! అందరి కథా ఇలా ముగియదు. రక్తపింజర కాటుతో కిడ్నీలు దెబ్బతిని, ఎన్ని డయాలసిస్‌లు చేసినా దక్కనివాళ్లూ ఉన్నారు. మూత్రం తగ్గుతోందని రెండు గంటల ముందే ఎవరైనా రాసి ఉంటే బాగుండేదని కేస్ షీట్లు చూసి అనుకున్న రోజులున్నాయి.

నా ప్రశ్న అక్కడే ఉంది. విరుగుడు మందు ఎంత ఇవ్వాలో డాక్టరు నిర్ణయిస్తారు. కానీ ఆ నిర్ణయానికి ఆధారమైన రెప్పలు, ఊపిరి, మూత్రం, ఆరు గంటలకోసారి మళ్లీ చేసే ట్యూబు పరీక్ష, ఇవన్నీ నర్సు కంటి నుంచి, పెన్ను నుంచి రావాలి. రిఫరల్ మీద వచ్చే కాగితాల్లో నాకు తరచూ కనిపించేది "స్నేక్ బైట్, ఏఎస్‌వీ గివెన్" అన్న ఒక్క ముక్క. ఎన్ని గంటలకు, ఎన్ని వయల్స్ అన్నది ఉండదు. పాముకాటు మరణాలను 2030కల్లా సగానికి తగ్గించాలని కేంద్రం 2024లో జాతీయ కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది. పీహెచ్‌సీలో రాత్రి డ్యూటీలో ఒంటరిగా ఉండే నర్సు చేతికి పనికొచ్చే కాగితం లేకుండా అది ఎలా సాధ్యమో నాకు అర్థం కాదు. మొదటి ఆరు గంటల గమనింపుకు ఒక్క పేజీ చార్టు తయారుచేసుకుని మా ఐసీయూలో వాడుతున్నాం. అది నిజంగా పనిచేస్తోందా, మాకే అలా అనిపిస్తోందా అన్నది తేల్చే పద్ధతి నాకు తెలియదు. పరిశోధన ఎలా చేయాలో, లెక్కలు ఎలా కట్టాలో నేర్చుకోవడానికే పీజీ. డిసర్టేషన్ కూడా దీని మీదే చేయాలని ఉంది.

బి.ఎస్సీ.లో నాకు 64 శాతం వచ్చింది. రెండో సంవత్సరంలో ఒక పేపరు సప్లిమెంటరీలో పాసయ్యాను. మార్కుల జాబితాలో మీకు ఎలాగూ కనిపిస్తుంది. స్టాటిస్టిక్స్ అంటే ఇప్పటికీ కొంచెం టెన్షనే. నాలుగేళ్ల పాప ఉంది, ఈ రెండేళ్లూ మా అత్త చూసుకుంటానంది. స్టడీ లీవుకు నర్సింగ్ సూపరింటెండెంట్ గారి సమ్మతి లేఖ జతచేశాను. కోర్సయ్యాక ఐసీయూకే తిరిగొస్తాను. నెలకు ఒకటి రెండు రోజులు చుట్టుపక్కల పీహెచ్‌సీ నర్సులకు ఈ పని నేర్పే ఏర్పాటు చేయాలన్నది నా ఆలోచన.

ఇంటర్వ్యూకు పిలిస్తే ఆ చార్టు మూడు కాపీలు తెస్తాను. కొట్టివేతలు చాలా ఉన్నాయి, అవి కూడా చూడండి.