ప్రాజెక్టు రికార్డు, రెండో భాగం: మా లక్ష్యాలు, వాటిని సాధించామని తేల్చే ప్రమాణాలు

ప్రాజెక్టు పేరు: మన ఊరి నీటిలో ఉప్పు ఎంత? అది వరి మొలకను ఏం చేస్తుంది?
జట్టు: తొమ్మిదో తరగతి విద్యార్థులు నలుగురు
ప్రాంతం: సఖినేటిపల్లి మండలంలో వశిష్ఠ గోదావరి గట్టు నుంచి సముద్రం వైపు సుమారు 6 కిలోమీటర్లు

అక్టోబరులో రాసిన మొదటి ప్రతిలో మా లక్ష్యం ఒకే వాక్యం: "ఉప్పునీటి సమస్యపై ప్రజలకు అవగాహన కల్పించడం." మా గైడ్ టీచర్ దాని కింద ఎర్ర సిరాతో "కల్పించారని ఎలా తెలుస్తుంది?" అని రాసి తిరిగి ఇచ్చారు. నలుగురం ఆలోచించినా జవాబు దొరకలేదు. ఆ వాక్యం కొట్టేశాం. ఇప్పుడు రాస్తున్న మూడు లక్ష్యాల్లోనూ ఏం కొలుస్తాం, దేనితో, ఏ తేదీలోపు, ఎంత వస్తే పని అయినట్టు అన్నవి ముందే రాసిపెడుతున్నాం. కొలతలు వచ్చాక ఈ అంకెలను మార్చం.

మొదటి లక్ష్యం: 12 చోట్ల నీటిలో ఉప్పును కొలవడం

మా ఊళ్లలో ఏ నుయ్యి ఉప్పన, ఏ బోరు తియ్యన అన్నది పెద్దలందరికీ తెలుసు. ఎంత ఉప్పన అన్నదే ఎవరి దగ్గరా రాసి లేదు. అందుకే నవంబరు 22లోపు 4 నూతులు, 4 చేతిపంపులు, 2 బోర్లు, ఒక పంటకాలువ, ఒక మురుగుకాలువ, మొత్తం 12 చోట్ల నీటిలో కరిగిన లవణాల మొత్తాన్ని టీడీఎస్ మీటరుతో కొలుస్తాం. పంటకాలువను చేర్చింది పోలిక కోసం. ధవళేశ్వరం నుంచి వచ్చే గోదావరి నీరే దానిలో పారుతుంది కాబట్టి మిగతా అంకెలు దాని పక్కన పెడితేనే అర్థమవుతాయి. సముద్రం పోటు, పాటులతో మురుగుకాలువ నీరు మారుతుంది. కాబట్టి ప్రతి కొలత దగ్గరా సమయం రాస్తాం, మురుగుకాలువను మాత్రం పోటులో ఒకసారి, పాటులో ఒకసారి కొలుస్తాం.

ప్రతిచోటా మూడు రీడింగులు. రెండోదాన్ని వేరొకరు, మొదటి అంకె చూడకుండా తీస్తారు. ఒకే మనిషి మూడుసార్లు చూస్తే మొదటి అంకె కళ్లలో నిలిచిపోతుందని రిహార్సల్‌లోనే తెలిసింది.

ఈ లక్ష్యం నెరవేరిందని చెప్పడానికి రెండు షరతులు. ఒకటి, మూడు రీడింగుల్లో పెద్దదానికీ చిన్నదానికీ తేడా వాటి సగటులో 5 శాతం దాటకూడదు. 12 చోట్లలో కనీసం 10 చోట్ల ఇలా రావాలి. మిగిలినచోట్ల మర్నాడు మళ్లీ కొలుస్తాం. రెండు, మీటరు నిజం చెబుతుండాలి. లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో 1 గ్రాము ఉప్పు కరిగించి, బయలుదేరే ముందు ఒకసారి, తిరిగి వచ్చాక ఒకసారి మీటరు ముంచుతాం. 950కీ 1050కీ మధ్య చూపిస్తేనే ఆ రోజు కొలతలు చెల్లుతాయి. లేకపోతే రోజంతా తిరిగి తెచ్చినవైనా వదిలేస్తాం.

వచ్చిన అంకెలను తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ ఇచ్చిన ఐఎస్ 10500 ప్రమాణంతో పోలుస్తాం. దాని ప్రకారం లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు ఆమోదయోగ్యం. వేరే నీటి వనరు లేనిచోట 2000 వరకు అనుమతి. ఎన్ని చోట్లు 500 లోపు, ఎన్ని మధ్యలో, ఎన్ని 2000 పైన అన్నది చార్టులో పెట్టే మొదటి ఫలితం. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. టీడీఎస్ తక్కువగా ఉందంటే తాగడానికి మంచిదని అర్థం కాదు, నీటిలోని సూక్ష్మక్రిములను ఈ మీటరు చూపించదు. కొలిచిన ప్రతి ఇంటికీ నవంబరు 29లోపు వాళ్ల నీటి అంకె రాసిన చీటీ ఇస్తాం, ఈ మాట కూడా దాని మీద రాస్తాం.

రెండో లక్ష్యం: ఉప్పు పెరిగేకొద్దీ వరి మొలక ఎలా మారుతుందో చూడడం

మేము ఎక్కువ వాదించుకున్నది దీని మీదే. "ఉప్పునీటిలో ఎన్ని గింజలు మొలకెత్తుతాయి?" అని మాత్రమే కొలుద్దామని మొదట అనుకున్నాం. కానీ వరి మొలకెత్తేటప్పుడు ఉప్పును కొంతవరకు బాగానే తట్టుకుంటుంది. లేత నారుగా ఉన్నప్పుడూ, పూత దశలోనూ ఎక్కువ దెబ్బతింటుంది. మొలకల లెక్క ఒక్కటే చూస్తే తేడా కనిపించక, ఉప్పు ఏమీ చేయదని తప్పు చెప్పే ప్రమాదం ఉంది. అందుకని మొలకల శాతంతో పాటు 14వ రోజున వేరు పొడవునూ మిల్లీమీటర్లలో కొలుస్తాం.

విత్తనం మార్టేరు పరిశోధన కేంద్రం ఇచ్చిన స్వర్ణ, ఎంటీయూ 7029. లీటరుకు 0, 2, 4, 6, 8 గ్రాముల ఉప్పు కలిపిన అయిదు రకాల నీరు. ఒక్కోదానికి నాలుగు పళ్లేలు, పళ్లేనికి 50 గింజలు, మొత్తం 1000 గింజలు. నీరు ఆవిరైతే పళ్లెంలో ఉప్పు చిక్కబడుతుంది కనుక రోజూ పళ్లేన్ని తూచి, తగ్గిన బరువుకు సరిపడా డిస్టిల్డ్ వాటర్ పోస్తాం. వేరు కొలవడానికి పళ్లేనికి పది మొలకలు తీసుకుంటాం. అవి చీటీలు వేసి తీసినవే, చూడడానికి బాగున్నవి కావు.

ప్రమాణాలు ఇవి. ఉప్పు లేని నీటిలో కనీసం 80 శాతం మొలవాలి. ధ్రువీకరించిన వరి విత్తనానికి ఉండాల్సిన కనీస మొలక శాతం అదే. అంతకన్నా తగ్గితే లోపం విత్తనంలోనో మా పద్ధతిలోనో ఉన్నట్టు, ప్రయోగం మళ్లీ మొదలు. అందుకే నవంబరు 24న ప్రారంభించి డిసెంబరు 8కి ముగిస్తున్నాం, మరోసారి చేయడానికి డిసెంబరు 23 వరకు సమయం ఉంటుంది. ఇక తేడా ఉందని ఎప్పుడు చెబుతాం? ఒక ఉప్పు మోతాదులోని నాలుగు పళ్లేల సగటు వేరు పొడవులూ, ఉప్పు లేని నాలుగింటిలో అతి తక్కువదానికన్నా తక్కువగా ఉంటేనే. ఒక్క పళ్లెం కలిసిపోయినా "తేడా తేలలేదు" అనే రాస్తాం.

ఏ మోతాదు దగ్గరా తేడా రాకపోయినా, ఈ షరతులన్నీ పాటించి ఉంటే ఈ లక్ష్యం నెరవేరినట్టే. మా ఊహ నిజం కావడం మా ప్రమాణాల్లో లేదు.

మూడో లక్ష్యం: చూడడానికి వచ్చినవారికి అర్థమవడం

జనవరి 8న ప్రదర్శనలో మా స్టాలు దగ్గర ఆగి పూర్తిగా విన్న మొదటి 30 మందిని చార్టు వైపు వేలు చూపించకుండా రెండు ప్రశ్నలు అడుగుతాం. "ఈ 12లో తాగునీటి హద్దు దాటినవి ఏవి?" "వేరు పొట్టిగా అవడం ఎన్ని గ్రాముల దగ్గర మొదలైంది?" రెండో ఫలితంలో తేడా తేలకపోతే, "తేడా తేలిందా?" అని అడుగుతాం. 30 మందిలో 20 మంది రెండింటికీ సరిగ్గా చెబితే మా చార్టు పనిచేసినట్టు. న్యాయనిర్ణేతలనూ మా బంధువులనూ ఈ లెక్కలో చేర్చం.

మా లక్ష్యం కానిది

ఉప్పు రొయ్యల చెరువుల వల్ల వచ్చిందా, సముద్రం వల్ల వచ్చిందా అన్నది ఈ ప్రాజెక్టు తేల్చదు. మా 12 చోట్లలో చెరువులకు దగ్గరగా ఉన్నవే సముద్రానికీ దగ్గరగా ఉన్నాయి. రెంటినీ విడదీయాలంటే చాలా ఎక్కువ చోట్ల, ఏడాది పొడవునా, సార్వాలోనూ దాళ్వాలోనూ కొలవాలి. మా జట్టులో ఒకరి ఇంట్లో రొయ్యల సాగే జీవనాధారం, మరొకరి ఇంట్లో వరి. చూపించలేని కారణాన్ని చార్టు మీద రాసి ఎవరినీ దోషిగా నిలబెట్టకూడదని నలుగురం కలిసి నిర్ణయించుకున్నాం. న్యాయనిర్ణేతలు అడిగితే ఇదే చెబుతాం, చెరువుల దూరం, సముద్రం దూరం రాసిన పట్టికను వాళ్ల ముందు పెడతాం.