పగులు

పొద్దున 6 గంటలకి కొట్టుకి వస్తూ, వంతెన కింద ఇద్దరు స్తంభం మీద సుద్దతో గీతలు గీయడం చూశాడాయన. చూసింది అంతే. 7 కాకముందే నోట్‌బుక్కు కొనడానికొచ్చిన ఒకావిడతో, "వంతెనకి పగులొచ్చినట్టుంది, రేపు మూసేస్తారేమో" అన్నాడు. ఆవిడ గుమ్మం దాటేలోపే ఆ "ఏమో" రాలిపోయింది.

విన్నవాళ్లంతా గంటకొకరి చొప్పున కొత్తవాళ్లకి చెప్పారు. ఎవరూ అంతకుమించి చేయలేదు. గంటకి ఒక్కరికి ఒక్కసారి చెప్పినందుకు ఎవరిని తప్పుపడతాం?

7కి ఇద్దరికి తెలుసు. 8కి నలుగురు, 9కి ఎనిమిది మంది. మధ్యాహ్నం 12కి 64 మంది. ఊళ్లో జనం 16,000. అంటే సగం రోజు గడిచినా వెయ్యిమందిలో నలుగురికే తెలుసు. వీధులు ఎప్పట్లాగే ఉన్నాయి. మనల్ని మోసం చేసేది సరిగ్గా ఈ నిశ్శబ్దమే.

3 గంటలకి ఒక కుర్రాడు పెన్సిల్ కొంటూ అడిగాడు, "వంతెన కూలిపోతుందటగా?"

ఆయనకి చెమటలు పట్టాయి. కొట్టుని పనివాడికి అప్పజెప్పి వంతెన దగ్గరికి పరిగెత్తాడు. ఆ ఇద్దరూ ఇంకా అక్కడే ఉన్నారు. రంగు వేయడానికి కొలతలు తీసుకుంటున్నారట! తిరిగొచ్చి, పద్దుపుస్తకం చివరి పేజీలో వణుకుతున్న చేత్తో లెక్క వేశాడు: 128, 256, 512. ఆ మాట ఇప్పటికే 512 మంది దగ్గరుంది. నిజం ఆయనొక్కడి దగ్గరే.

నిజమూ అదే వేగంతో వెళ్లింది. 4కి ఇద్దరు, 5కి నలుగురు, 6కి ఎనిమిది మంది. కానీ అటు 1,024, 2,048, 4,096. ఎంత రెట్టింపైనా ఒకటికి 512 అన్న ఆ తేడా తరగలేదు.

7కి 8,192 మంది, ఊళ్లో సగం పైనే. నిజం తెలిసినవాళ్లు 16 మంది. పొద్దుట్నుంచీ పదమూడు గంటలు పట్టిన పని, మిగతా సగానికి ఒక్క గంటలో అయిపోతుంది. ఆ తర్వాత ఆగితే అది జనానికి తెలివొచ్చి కాదు, చెప్పడానికి కొత్త మనిషి దొరక్క.

బయట హారన్ల మోత. రేపు మూసేస్తారని అందరూ ఈ రాత్రికే వంతెన దాటాలని బయల్దేరారు. ఒకాయన ముసలితల్లిని భుజాన వేసుకుని నడుస్తున్నాడు.

ఒక్కొక్కరికీ చెప్పుకుంటూ పోతే ఇక అందదని ఆయనకి అర్థమైంది. కొట్టులోని ఎత్తుపీట చంకన పెట్టుకుని, అందరూ దాటక తప్పని ఆ వంతెన మొదట్లో వేసి, దాని మీదికెక్కాడు.

"పగులు లేదు! పొద్దున ఆ మాట అన్నది నేనే. తప్పు నాదే!" అని గొంతు చించుకుని అరిచాడు.

ముందు వరసలో వందమంది దాకా ఒకేసారి తలెత్తి చూశారు. ఆయన ఊపిరి పీల్చుకుని మళ్లీ అరిచాడు.