యాభై తొమ్మిదేళ్లు

డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్ సుధాకర్ జీపును విద్యానగర్ రైల్వే స్టేషన్ రోడ్డు మీదే ఆపించి, గల్లీలోకి నడిచి వచ్చాడు. మఫ్టీలో ఉన్నాడు. చేతిలో బట్టల సంచి.

అపార్ట్‌మెంట్ గేటు పక్కన వేపచెట్టు కింద ఇస్త్రీ బండి ఉంది. యాదగిరి ఇత్తడి పెట్టె మూత తీసి, బొగ్గుల మీద అట్టముక్కతో విసురుతున్నాడు. ఆ పెట్టె ఆరేడు కిలోలుంటుంది. పొద్దున్నుంచి రాత్రి దాకా దాన్ని తోసే మనిషికి కుడి భుజం ఎడమదాని కంటే కాస్త కిందికి దిగిపోయి ఉంటుంది. యాదగిరికీ అంతే.

"మూడున్నాయి. రెండు చొక్కాలు, ఒక ప్యాంటు. సాయంత్రానికి ఇస్తారా?"

యాదగిరి సంచి వైపు చూడలేదు. వచ్చినాయన బూట్ల వైపు చూశాడు. గోధుమరంగు బూట్లు, మెరుస్తున్నాయి.

"గీ అపార్ట్‌మెంటోళ్లవే చేస్త సారూ. బయటివి తీస్కోను."

"మొన్నటిదాకా తీసుకునేవారట. ఎదురింటావిడ చెప్పింది."

"మొన్నటిదాకా తీస్కున్న."

మొన్న అంటే ఆదివారం. ఆ రాత్రి పదకొండు గంటలప్పుడు 302లో ఉండే రిటైర్డ్ మాస్టారు రెండో అంతస్తు మెట్ల మలుపులో పడి ఉన్నారు. గాంధీ ఆసుపత్రికి తీసుకెళ్లేసరికే ప్రాణం లేదు. కాలు జారిందని అసోసియేషన్ వాళ్లు చెప్పారు. అనుమానాస్పద మృతిగా కేసు కట్టి రెండో రోజు.

సుధాకర్ సంచిని బండి మీదే పెట్టాడు. తీసేయమని యాదగిరి అనలేదు, తీసుకుంటాననీ అనలేదు. పెట్టెను తడిగుడ్డ మీద ఒకసారి రాసి, ముందున్న చొక్కా కాలర్ మీదికి దించాడు.

వాళ్ల తలల మీద, మొదటి అంతస్తు బాల్కనీలో, పేపరు తిప్పుతున్న చప్పుడు ఆగిపోయింది.

"రాత్రి ఇక్కడే పడుకుంటారా మీరు?" సుధాకర్ గొంతు తగ్గించి అడిగాడు.

"పంపు రూముల పడుకుంట సారూ! ప్రెసిడెంట్ సారే ఇచ్చిండు! కిరాయి సుత తీస్కోడు!" యాదగిరి మాత్రం గొంతు తగ్గించలేదు. ఎదురుగా ఉన్న మనిషికి అంత గట్టిగా చెప్పాల్సిన పని లేదు.

సుధాకర్ పైకి చూడలేదు. చూడాలని చాలా అనిపించింది.

"పంపు రూము మెట్ల కిందే కదా?"

"మెట్ల కిందనే. మోటరు చప్పుడుకు ఏం ఇనవడది."

"రాత్రి పదకొండింటికి మోటరు వేస్తారా?"

పెట్టె కాలర్ మీద ఆగింది. ఒక్క క్షణం ఎక్కువైతే బట్ట మాడుతుంది. మాడకముందే కదిలింది.

"ఏస్తరు అప్పుడప్పుడు."

"ఎన్నేళ్ల నుంచి ఇక్కడ?"

ఈ ప్రశ్నకి యాదగిరి మొహంలో కొంచెం వెలుగొచ్చింది. భయం లేకుండా జవాబు చెప్పగలిగే ప్రశ్న ఇదొక్కటే వచ్చింది మరి. "పుట్టుడే ఈడ. గీ బిల్డింగు లేదు, గీ రోడ్డు లేదు. మా నాయన బండి గీ చెట్టు కాడనే ఉండె. అరవై తొమ్మిదిల యూనివర్సిటీ పోరగాండ్లు గిట్లకెల్లే ఉరికిండ్రు, పోలీసోళ్లు ఎంబడివడ్డరు. నేను బండి కింద దాక్కున్న. రెండో తరగతి సదువుతున్న అప్పుడు."

"ఎవరెవరు పరిగెత్తారో మీ నాయన్ని అడిగారా?"

"అడిగిండ్రు. ఏం జూడలేదన్నడు."

"చూశాడా?"

"బండి ఇరగ్గొట్టిండ్రు సారూ." చొక్కా తిరగేసి వీపు మీద నీళ్లు చల్లాడు. "జూడలేదన్నా ఇరగ్గొట్టిండ్రు."

సుధాకర్ దీనికి ఏమీ అనలేదు. అనడానికి ఏమీ లేదు కూడా. బండి కింద అరలో మడతపెట్టిన తెల్ల లాల్చీ, పంచె కనిపించాయి. మీద చిన్న కాగితం ముక్క: 302.

"మాస్టారివి ఇంకా ఇక్కడే ఉన్నాయి."

"శనివారం ఇచ్చిండు. పైసలు ముందుగాలనే ఇస్తడు ఎప్పుడైనా. గిప్పుడు ఎవలకియ్యాలెనో సమజైతలేదు. కొడుకు అమెరికకెల్లి వస్తుండట." యాదగిరి వాటిని కొంచెం లోపలికి జరిపాడు. "మా పిల్లకు లెక్కలు చెప్పిండు సారూ, గీ గేటు కాడనే, కుర్చేసుకొని. డిగ్రీల చేరింది."

"ఫీజు ఎవరు కడుతున్నారు?"

యాదగిరి కళ్లు ఒక్కసారి బాల్కనీ వైపు వెళ్లి వచ్చాయి. అంతే.

"దేవుడు కడుతుండు."

పైన కప్పు, సాసరు తగిలిన చప్పుడు. సుధాకర్ బండికి ఆనుకుని, రోడ్డు మీద పోయే ఆటోని చూస్తున్నట్టు నిలబడ్డాడు. పదిహేనేళ్ల సర్వీసులో ఎవరినీ తొందరపెట్టి నిజం రాబట్టలేదు. తొందరపెడితే వచ్చేది ఎదుటివాడికి మనం ఏం వినాలనుకుంటున్నామని తోస్తే అది. ఈ మనిషి అలాంటి జవాబులు ఇప్పటికే చాలామందికి ఇచ్చి ఉంటాడు.

కాసేపటికి యాదగిరే మాట్లాడాడు. పెట్టె వైపు చూస్తూ, గొంతు దించి.

"జూడనోడు సుత సంతకం పెట్టాల్నా సారూ?"

"చూసినోడు కూడా పెట్టక్కర్లేదు. పోలీసుకి చెప్పిన మాటకి సాక్షి సంతకం ఉండదు. చట్టమే వద్దంది."

"ఎన్నడూ?"

"నా దగ్గర ఎన్నడూ. ఆ తర్వాత ఎప్పుడో కోర్టులో జడ్జి ముందు చెప్పాల్సి ఉంటుంది. అబద్ధం ఎందుకు చెప్పాలి మీకు."

యాదగిరి తల ఊపాడు. చివరి మాటకి ఊపినట్టున్నాడు. ఇస్త్రీ అయిన చొక్కాను మడిచి పక్కన పెట్టి, సుధాకర్ తెచ్చిన సంచిని దగ్గరికి లాక్కున్నాడు. బండి చెక్క సందులోంచి లెక్కల పుస్తకం తీశాడు. అట్ట ఊడిపోయిన స్కూలు నోటుబుక్. పెన్సిల్ చెవి మీదే ఉంది.

సంచిలోంచి ఒక్కొక్కటి తీసి బండి మీద పెడుతూ లెక్కపెట్టాడు.

"ఒకటి. రెండు. మూడు." సంచి ఖాళీ అయింది. యాదగిరి దాన్ని దులిపి, నాలుగు మడతలు వేసి, పైన పెట్టాడు. "నాలుగు."

పుస్తకంలో నాలుగు అని వేశాడు. వేసి, మొదటిసారిగా సుధాకర్ కళ్లలోకి చూశాడు.

సుధాకర్‌కి గొంతు తడారింది. "అవును," అన్నాడు. "నాలుగే."

"నాలుగోదానికి మరకున్నది సారూ. చెయ్యి మడత కాడ. ఆదివారం రాత్రిది అనుకుంట. నాకిచ్చినోళ్లు జల్ది ఉతికి ఇస్త్రీ చెయ్యుమన్నరు." నోరు జారిందేమో అన్నట్టు ఆగి, సర్దుకున్నాడు. "మీ ఇంట్లోల్లు అన్నరు గద."

"అన్నారు. ఉతికారా?"

"నీళ్లు తగలనియ్యలే."

"ఉతకొద్దు. పెట్టె కూడా పెట్టొద్దు, వేడి తగిలితే మరక బట్టలోనే ఉండిపోతుంది. ప్లాస్టిక్ కవర్లో మాత్రం వేయకండి, బూజు పడుతుంది. పాత పేపర్లో చుట్టండి చాలు."

"ఏడియ్యాలె మరి? ఈడకొస్తరా?"

సుధాకర్ నోరు తెరిచేలోపే గేటు లోపల చెప్పుల చప్పుడయింది.

తెల్ల కుర్తా, చేతిలో మడతపెట్టిన పేపరు. ప్రెసిడెంట్ నవ్వుతూ వచ్చాడు. "సార్, మీరా! ఎండలో నిలబడ్డారేంటండీ. పైకి రండి, కాఫీ తాగుతూ మాట్లాడుకుందాం. యాదగిరిని కూడా పిలుద్దాం, మా వాడే."

సుధాకర్ బండికి ఆనుకోవడం మానేసి నిటారుగా నిలబడ్డాడు. జేబులోంచి ప్యాడ్ తీశాడు. గొంతు మారిపోయింది.

"నీ పేరు చెప్పు."

ఇప్పటిదాకా మీరు అన్న నోటితో వచ్చిన నువ్వు అది. యాదగిరి ఉలిక్కిపడాల్సింది. ఉలిక్కిపడలేదు. చేతులు కట్టుకున్నాడు.

"యాదగిరి సారూ."

"ఇంతసేపు అడిగితే ఒక్కదానికీ తిన్నగా చెప్పవే. వయసెంత?"

"యాభై తొమ్మిది."

పెన్ను కాగితం మీద ఆగింది. అరవై తొమ్మిదిలో రెండో తరగతి. సుధాకర్ తల ఎత్తి చూశాడు. యాదగిరి నేల చూపులు చూస్తున్నాడు, కానీ గడ్డం మాత్రం బిగుసుకుని ఉంది.

ప్రెసిడెంట్ నవ్వాడు. "యాభై తొమ్మిదేంటి యాదగిరీ? ఆసరా పింఛను ఫారం నింపింది నేను కాదా? ఆధార్‌లో అరవై మూడు నీకు." సుధాకర్ వైపు తిరిగాడు. "పాపం, కంగారులో చెప్పాడండీ. అరవై దాటిన వాళ్లని స్టేషన్‌కి రమ్మనకూడదు కదా సార్? ఉండే చోటే అడగాలి. ఆయన ఉండేది మా పంపు రూములోనే. మీరు ఏం అడగాలన్నా ఇక్కడే, మా ముందే అడగండి. పెద్దమనిషి, భయపడతాడు."

ఆయన చెప్పింది చట్టం ప్రకారం సరైనదే. వయసు దాటిన సాక్షి తన ఇష్టం మీద స్టేషన్‌కి వస్తే రావచ్చు, అదీ చట్టంలోనే ఉంది. ఇష్టమా అని ఈ గేటు ముందు యాదగిరిని అడిగితే ఏమవుతుందో సుధాకర్‌కి తెలుసు. అడగలేదు.

"ఏమంటావ్? అరవై మూడా?"

"ఆధార్ల తప్పు వడ్డది సారూ."

"యాదగిరీ," అన్నాడు ప్రెసిడెంట్. గొంతులో ఇంకా నవ్వే ఉంది.

"తప్పు వడ్డది సారూ," యాదగిరి మళ్లీ అన్నాడు, ఈసారి ప్రెసిడెంట్‌తో. పెట్టె పట్టుకున్న చేయి వణుకుతోంది. "నాకు యాభై తొమ్మిదే."

"ఆయన నోటితో చెప్పిందే నేను రాసుకుంటా," అంటూ సుధాకర్ నోటీసు రాశాడు. గట్టిగా చదివాడు, బాల్కనీల్లో ఉన్న మిగతావాళ్లకీ వినపడేలా. "రేపు పొద్దున పది గంటలకి స్టేషన్‌కి రావాలి. నా దగ్గరికే రావాలి. రాకపోతే కానిస్టేబుల్‌ని పంపిస్తా."

"పొట్ట కొట్టకుండ్రి సారూ! బండి ఎవలు జూస్తరు?" యాదగిరి అంతకంటే గట్టిగా అరిచాడు. నోటీసు తీసుకుని, చదవకుండానే, లెక్కల పుస్తకంలో ఆ రోజు పేజీలో పెట్టుకున్నాడు.

"నా బట్టలు కూడా అప్పుడే తే. లెక్క తక్కువైతే ఊరుకోను."

"నా లెక్క తప్పది సారూ. నాలుగు."

ప్రెసిడెంట్ పేపరును ఇంకో మడత వేశాడు. "నేనూ వస్తానండీ యాదగిరితో. ఒక్కడే అయితే బెదిరిపోతాడు."

"మీరూ రావాలి సార్, రేపు కాదు, ఎల్లుండి. కమిటీ వాళ్లందరినీ పిలుస్తున్నా." సుధాకర్ ప్యాడ్‌లో రెండో కాగితం తిప్పాడు. "మీ వయసెంత?"

"యాభై ఏడు," అన్నాడు ప్రెసిడెంట్.

సుధాకర్ రాసుకున్నాడు.