విషయం: రెండో ఇంటర్నల్, స్టాటిస్టిక్స్, ప్రశ్న 4(బి): t-టెస్ట్ జవాబును మరొక్కసారి చూడవలసిందిగా మనవి (రోల్ నెంబర్ 37)

సార్, నమస్కారం.

నేను బీఎస్సీ నాలుగో సెమిస్టర్, బి సెక్షన్, బి. హారికని. నిన్న మీరు ఇచ్చిన రెండో ఇంటర్నల్ పేపర్లో 4(బి)కి నాకు 10కి 5 వచ్చాయి. అందులో పోయిన మార్కుల్లో రెండు నా తప్పు వల్లే పోయాయి, వాటి గురించి కింద రాశాను. మిగతా మూడు మాత్రం ఒకే ఒక్క దిద్దుబాటు మీద ఆధారపడి ఉన్నాయి. పేజీ 11లో నేను రాసిన √10 చుట్టూ సున్నా చుట్టి, పక్కన √9 అని ఎర్ర ఇంకుతో ఉంది. వీలు చూసుకుని ఆ ఒక్క చోటును మళ్ళీ చూస్తారని ఈ మెయిల్ రాస్తున్నాను. మీరు పేపర్ తీయకుండానే చూసుకోగలిగేలా లెక్క మొత్తం ఇక్కడ రాశాను. పేజీ 10, 11 ఫోటోలు కూడా జతచేశాను.

ప్రశ్న ఇది: మల్లేశ్వరంలోని ఒక కాఫీ పొడి దుకాణం తన పాకెట్‌లో 250 గ్రాములు ఉంటుందని ముద్రిస్తోంది. 10 పాకెట్లు తూచితే ఈ బరువులు వచ్చాయి, గ్రాముల్లో:

249, 241, 252, 244, 240, 255, 246, 249, 243, 251

సగటు బరువు ముద్రించినదానికంటే తక్కువని 5% లెవెల్ దగ్గర చెప్పవచ్చా?

ప్రశ్నలో "తక్కువని" అనే మాట ఉంది కాబట్టి ఎడమవైపు వన్-టెయిల్ టెస్ట్ తీసుకున్నాను.

H0: μ = 250
H1: μ < 250

డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 9, పట్టికలో క్రిటికల్ వాల్యూ 1.833, కాబట్టి t < −1.833 అయితే H0 ని తిరస్కరించాలి. ఈ రెండు చోట్లా మీరు టిక్ పెట్టారు కాబట్టి వీటి గురించి ఇంకేమీ రాయడం లేదు.

మొత్తం 2470, సగటు 247. సగటు నుంచి తేడాలు, ప్రశ్నలో ఉన్న వరుసలోనే:

2, −6, 5, −3, −7, 8, −1, 2, −4, 4

వీటి మొత్తం సున్నా. వర్గాలు:

4, 36, 25, 9, 49, 64, 1, 4, 16, 16

వర్గాల మొత్తం 224. నేను దీన్ని 9తో భాగించాను, 10తో కాదు:

S² = 224 / 9 = 24.889
S = 4.989

తరువాత:

t = (247 − 250) / (4.989 / √10) = −3 / 1.578 = −1.902

−1.902 అనేది −1.833 కంటే చిన్నది, కాబట్టి H0 ని తిరస్కరించాను.

నా పేపర్లో ఇదే లైన్‌లో √10 ని √9 చేసి, S ని మాత్రం 4.989 గానే ఉంచారు. అప్పుడు లెక్క ఇలా మారింది:

t = −3 / (4.989 / √9) = −3 / 1.663 = −1.804

−1.804 క్రిటికల్ వాల్యూను దాటదు. అందువల్ల "H0 ని తిరస్కరించలేం" అని పక్కన దిద్ది, t విలువకున్న 2 మార్కులు, ముగింపుకున్న 2 మార్కులు తీసేశారు.

√9 ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థమైంది సార్. మన టెక్స్ట్‌బుక్‌లో t ఫార్ములా √(n−1) తోనే ఉంది. అది ముమ్మాటికీ సరైనదే. కాకపోతే అక్కడ s అంటే వర్గాల మొత్తాన్ని n తో భాగించి తీసిన స్టాండర్డ్ డీవియేషన్. నేను తీసినది n−1 తో భాగించిన S. ఈ రెండూ వేరు వేరు సంఖ్యలు. టెక్స్ట్‌బుక్ దారిలో మొదటి నుంచీ వెళితే:

s² = 224 / 10 = 22.4
s = 4.733
t = −3 / (4.733 / √9) = −3 / 1.578 = −1.902

దశాంశాలతో సహా అదే జవాబు వస్తుంది. రాకుండా ఉండదు కూడా, ఎందుకంటే రెండు దారుల్లోనూ హారం ఒకటే:

S / √n = √( 224 / (9 × 10) ) = s / √(n−1)

హారంలో ఒక 9, ఒక 10 ఉండాలి. నేను 9ని S లోపల వాడేశాను, కాబట్టి రూట్ కింద 10 మిగిలింది. టెక్స్ట్‌బుక్ 10ని s లోపల వాడింది, కాబట్టి అక్కడ రూట్ కింద 9 మిగిలింది. నా S ని ఉంచి √9 తో భాగిస్తే 9 రెండుసార్లు వచ్చి, 10 అసలు రాదు. అంటే చిన్న శాంపిల్ కోసం చేసే దిద్దుబాటు రెండుసార్లు చేసినట్టు. స్టాండర్డ్ ఎర్రర్ అవసరమైనదానికంటే సుమారు 5% పెరుగుతుంది, t అంత మేర తగ్గుతుంది. చాలా లెక్కల్లో ఈ తేడా వల్ల నిర్ణయం మారదు. ఈ ప్రశ్నలో t క్రిటికల్ వాల్యూకు అంత దగ్గరగా ఉంది కాబట్టి మారిపోయింది.

నాలుగు కలయికలనూ ఒకచోట పెట్టి చూశాను:

n−1 తో తీసిన S, √10: t = −1.902
n తో తీసిన s, √9: t = −1.902
n−1 తో తీసిన S, √9: t = −1.804
n తో తీసిన s, √10: t = −2.004

మొదటి రెండూ సరైనవి, చివరి రెండూ కలగాపులగం. నాలుగోది పరీక్షలో మేమే ఎక్కువగా చేసే తప్పు. క్యాలిక్యులేటర్‌లో sx బదులు σx తీసుకుని, కింద √n వేసేస్తాం. ఈ ప్రశ్నలో దానికి కూడా H0 తిరస్కరణే వస్తుంది కాబట్టి, ముగింపు మాత్రమే చూస్తే ఆ తప్పు బయటపడదు. నా పేపర్లో ఉన్నది అది కాదని చూపడానికే దీన్ని రాస్తున్నాను: నా S విలువ 4.989, ఇది sx. σx అయితే 4.733 ఉండేది.

రౌండింగ్ వల్ల జవాబు అటూ ఇటూ అయిందేమో అని కూడా చూశాను. S ని ఏకంగా 5 అని తీసుకున్నా t = −1.897 వస్తుంది, అది కూడా −1.833 ని దాటుతుంది. ల్యాబ్‌లో R లో వేసినప్పుడూ అదే వచ్చింది:

```
x <- c(249,241,252,244,240,255,246,249,243,251)
t.test(x, mu = 250, alternative = "less")
```

ఇందులో t −1.9016, df 9, p-వాల్యూ సుమారు 0.045. పరీక్షలో R లేదు కాబట్టి దీనికి మార్కులు అడగడం లేదు, సరిచూసుకోవడానికి మాత్రమే వాడాను. alternative = "less" రాయకపోతే R టూ-టెయిల్ టెస్ట్ చేసి p ని రెట్టింపు చేసి చూపుతుంది. అప్పుడు అది 0.05 దాటి, నిర్ణయం తిరగబడినట్టు కనిపిస్తుంది. మీరు వేసి చూస్తే ఆ భాగం ఉండేలా చూడగలరు.

ఈ పొరపాటుకు నా రాత కూడా కొంత కారణమే సార్. S ని దేనితో భాగించానో అసలు జవాబులో రాయలేదు. 224 / 9 అనేది పేజీ 10 కుడి అంచున రఫ్ వర్క్‌లో, పెన్సిల్‌తో ఉంది. పేజీ 11లో నేరుగా S = 4.989 తో మొదలైంది. ఆ పేజీ ఒక్కటే చూసేవారికి అది ఏ S అనేది తెలియదు. ఫోటోలో ఆ రఫ్ వర్క్ కూడా కనిపించేలా తీశాను.

ఇక నా తప్పులు. బరువులు నార్మల్ డిస్ట్రిబ్యూషన్‌లో ఉన్నాయనే ఊహను నేను రాయలేదు. n = 10 అయినప్పుడు t-టెస్ట్‌కు అది రాయాల్సిందే, దానికి మీరు తీసేసిన 1 మార్కు న్యాయమే. రెండోది, ముగింపులో "H0 తప్పని నిరూపితమైంది" అని రాశాను. టెస్ట్ దేన్నీ నిరూపించదు. "సగటు బరువు 250 గ్రాముల కంటే తక్కువని 5% లెవెల్ దగ్గర చెప్పడానికి ఆధారం ఉంది" అని రాసి ఉండాల్సింది. అందుకని ముగింపుకున్న 2 మార్కుల్లో ఒకటి పోయినా నాకు అభ్యంతరం లేదు. t విలువకు 2, ముగింపులో నిర్ణయం సరిగ్గా ఉన్నందుకు 1, ఈ మూడింటినే చూడమని అడుగుతున్నాను. మీరు ఒప్పుకుంటే 5 కాస్తా 8 అవుతుంది. ముగింపుకు ఎంత ఇవ్వాలన్నది పూర్తిగా మీ నిర్ణయం.

మీ స్కీమ్‌లో జవాబు −1.902 అనే ఉంటే, ఇది నా పేపర్ దగ్గర మాత్రమే జరిగి ఉంటుంది. అలా కాకుండా స్కీమ్‌లోనే −1.804 ఉంటే, n−1 తో S తీసి √10 వాడిన మిగతావాళ్ళ పేపర్లకూ ఇది వర్తించవచ్చు. దీని గురించి క్లాసులో ఎవరితోనూ నేను మాట్లాడలేదు, ముందు మీకు చెప్పడమే సరి అనిపించింది.

పోర్టల్‌లో మార్కులు సోమవారం సాయంత్రం లాక్ అవుతాయని నోటీస్ బోర్డులో ఉంది. గురువారం మధ్యాహ్నం 2 నుంచి 4 వరకు నాకు క్లాసులు లేవు, మీరు రమ్మంటే ఒరిజినల్ పేపర్‌తో స్టాఫ్ రూమ్‌కు వస్తాను. శుక్రవారం రాత్రి అనంతపురం బస్సు ఎక్కుతున్నాను, మళ్ళీ బెంగళూరు వచ్చేది సోమవారం ఉదయమే. ఆ రోజు 11 తర్వాత కూడా రాగలను. చూసిన తర్వాత మార్కులు మార్చనవసరం లేదని మీకు అనిపిస్తే, నా లెక్కలో ఏ లైన్ దగ్గర పొరపాటు పడ్డానో ఒక్క మాట చెప్పండి సార్, సెమిస్టర్ పరీక్షకు ముందు దిద్దుకుంటాను.

మీ సమయం తీసుకున్నందుకు క్షమించండి.

నమస్కారాలతో,
బి. హారిక
బీఎస్సీ, నాలుగో సెమిస్టర్, బి సెక్షన్
రోల్ నెంబర్ 37

జతచేసినవి: జవాబు పత్రం పేజీ 10, పేజీ 11 ఫోటోలు