జనరేటివ్, డిస్క్రిమినేటివ్ మోడల్స్‌కి తేడా ఏంటి?

ప్రశ్న: జనరేటివ్ మోడల్‌కీ డిస్క్రిమినేటివ్ మోడల్‌కీ తేడా ఏంటి? ఉదాహరణలతో చెప్పండి.

జవాబు: అవి నేర్చుకునే ప్రాబబిలిటీలోనే తేడా ఉందండి. డిస్క్రిమినేటివ్ మోడల్ నేరుగా P(y|x) నేర్చుకుంటుంది. ఇన్‌పుట్ x చూసి అది ఏ క్లాస్ y లోదో చెప్పడమే దాని పని. జనరేటివ్ క్లాసిఫయర్ P(x|y), P(y) రెండూ నేర్చుకుంటుంది, అంటే ఒక్కో క్లాస్‌లో డేటా ఎలా ఉంటుందో దానికి తెలుసు. క్లాస్ అడిగితే బేయస్ సూత్రంతో లెక్క కట్టి చెబుతుంది.

స్పామ్ ఎస్సెమ్మెస్‌లు తీసుకుందాం. మెసేజ్‌లలో 40 శాతం స్పామ్ అనుకోండి. ‘లాటరీ’ అనే మాట స్పామ్‌లో 30 శాతం మెసేజ్‌లలో, మామూలు వాటిలో 1 శాతంలో కనిపిస్తోంది. ఆ ఒక్క మాటనే చూస్తే నైవ్ బేయస్ లెక్క ఇది:

```
P(spam|లాటరీ) = 0.4×0.3 / (0.4×0.3 + 0.6×0.01) ≈ 0.95
```

ఇది జనరేటివ్. లాజిస్టిక్ రిగ్రెషన్‌కి ఈ లెక్కలేవీ అక్కర్లేదు. రెండు క్లాసులూ విడిపోయేలా ఒక్కో మాటకి ఎంత వెయిట్ ఇవ్వాలో ట్రైనింగ్‌లో సర్దుకుంటుంది, అంతే.

అసలు తేడా తెలిసేది ‘లాటరీ’, ‘గెలిచారు’ ఎప్పుడూ జంటగా వచ్చినప్పుడు. క్లాస్ తెలిస్తే మాటలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా వస్తాయని నైవ్ బేయస్ నమ్మకం. అందుకే ఒకే సాక్ష్యాన్ని రెండుసార్లు లెక్కేసి అతి ధీమాగా స్కోరు ఇస్తుంది. లాజిస్టిక్ రిగ్రెషన్ ఆ వెయిట్‌ని రెండు మాటలకీ పంచేస్తుంది.

హిడెన్ మార్కోవ్ మోడల్, లీనియర్ డిస్క్రిమినెంట్ అనాలిసిస్ జనరేటివ్ వైపు. ఎస్‌వీఎం, కండిషనల్ రాండమ్ ఫీల్డ్ రెండోవైపు.

ఫాలో-అప్: అయితే ఏది వాడతారు?

లేబుల్ డేటా పుష్కలంగా ఉండి క్లాస్ చెబితే చాలనుకుంటే డిస్క్రిమినేటివ్. డేటా తక్కువైనా, కొన్ని ఫీచర్ల విలువలు లేకపోయినా జనరేటివ్ నయం. ఆండ్రూ ఎన్‌జీ, మైఖేల్ జోర్డాన్ 2001లో ఈ రెంటినే పోల్చి చూపించారు: నైవ్ బేయస్ తక్కువ డేటాతోనే తన హద్దుకి చేరిపోతుంది, డేటా పెరిగేకొద్దీ లాజిస్టిక్ రిగ్రెషన్ దాన్ని అందుకుని, చాలాసార్లు దాటేస్తుంది.

ఫాలో-అప్: జీపీటీ ప్రతి అడుగులో తర్వాతి టోకెన్‌ని ప్రిడిక్ట్ చేస్తుంది కదా, మరి డిస్క్రిమినేటివ్ కాదా?

చాలామంది తడబడేది ఇక్కడే. ఒక్కో అడుగు చూస్తే క్లాసిఫికేషన్‌లాగే ఉంటుంది, నిజమే. కానీ ఆ ప్రాబబిలిటీలన్నీ గుణిస్తే మొత్తం వాక్యానికి P(x) వస్తుంది, దాన్నుంచి కొత్త వాక్యాలు శాంపిల్ చేయొచ్చు. కాబట్టి జనరేటివే. 2014లో వచ్చిన గాన్ అనే మోడల్‌లోనైతే రెండు రకాలూ ఉంటాయి: జనరేటర్ బొమ్మ తయారు చేస్తుంది, అది అసలుదో నకిలీదో డిస్క్రిమినేటర్ తేలుస్తుంది.